సగటు ఆదాయం చూసి ఈఎంఐకి సంతకం పెట్టకండి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను. స్టార్టప్‌లు ఇన్వెస్టర్లకు చూపించే పిచ్ డెక్‌లు, కోచ్‌లకు వెబినార్ స్లైడ్లు చేస్తాను. ప్రాజెక్టుకు 30 వేలు తీసుకుంటాను. పోయిన ఏడాది 7.2 లక్షలు వచ్చాయి, కానీ నాలుగు నెలలు 20 వేలు కూడా దాటలేదు. ఇంటి ఖర్చు 38 వేలు, బ్యాంకులో 45 వేలున్నాయి. ఒకసారి తయారుచేసి ప్రతి డెక్‌కూ వాడుకునే మాస్టర్ లేఅవుట్ల వల్ల తొమ్మిది రోజుల పని నాలుగు రోజుల్లో అయిపోతోంది. 5 లక్షల పర్సనల్ లోన్‌తో ల్యాప్‌టాప్ కొని, అసిస్టెంట్‌ను పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. 16 శాతం వడ్డీకి మూడేళ్లంటే ఈఎంఐ దాదాపు 17,500. ఇంటి ఖర్చుతో కలిపి నెలకు 55,500 కావాలి. నెలకు సగటున 60 వేలు వస్తున్నాయి కదా అనుకుంటారు. బ్యాంకు సగటు చూడదు, ఐదో తారీఖు చూస్తుంది. ఆ నాలుగు నెలల్లో ఒక్కోదానికి కనీసం 35 వేలు తక్కువ పడతాయి. అప్పుడు క్రెడిట్ కార్డు గీకుతారు. ఫ్రీలాన్సర్లు నా దగ్గరికి వచ్చేది చాలావరకు ఆ దశలోనే.

మాస్టర్ లేఅవుట్ మీ రోజులు మిగిల్చింది, క్లయింటు డబ్బిచ్చే తేదీని ముందుకు జరపలేదు. ఆ ఐదు రోజులు కూడా మూడో, నాలుగో మార్పుల్లో కరిగిపోతుంటాయి. పిచ్ మీటింగ్ వాయిదా పడితే స్టార్టప్ కథ మారుస్తుంది, మీ బిల్లూ ఆగుతుంది. అందుకే సగం అడ్వాన్సు ముందే తీసుకోండి. స్లైడ్ల సంఖ్యనూ, రెండు విడతల మార్పులనూ కొటేషన్‌లో రాయండి. ఆపైన అడిగితే విడిగా చార్జి చేయండి. చివరి సగం అందేదాకా పీడీఎఫ్ మాత్రమే పంపండి. పని తొందరగా అయిందని రేటు తగ్గించకండి. లేఅవుట్ మీదేననీ, క్లయింటుకు వాడుకునే హక్కు మాత్రమేననీ కూడా రాయండి.

అసిస్టెంట్ అవసరమా అన్నది తేలాలంటే ఒక పరీక్ష చేయండి. మాస్టర్‌లో థీమ్ రంగులు మార్చి చూడండి. పాత రంగులోనే ఉండిపోయినవి మీరు థీమ్ రంగు వాడకుండా చేత్తో రంగు పెట్టిన పెట్టెలు. ప్రతి కొత్త క్లయింటుకూ వాటినే ఒక్కొక్కటిగా దిద్దుతుంటారు. వాటికి థీమ్ రంగులే పెడితే ఇంకో రోజు మిగలొచ్చు, జీతం ఖర్చు లేకుండా.

ఇక నా పాత పాట, ఎమర్జెన్సీ ఫండ్. ఆరు నెలల ఖర్చు అంటే 2,28,000. మీ దగ్గర 45 వేలున్నాయి, అంటే నెల కంటే కాస్త ఎక్కువ. వచ్చే డబ్బంతా ఒక ఖాతాలో పడనివ్వండి. అందులోంచి నెలకు 38 వేలే జీతంలా ఇంటి ఖాతాకు వేసుకోండి. మిగిలినది, కావాల్సినప్పుడు వెనక్కి తీసుకోగలిగే ఆటో స్వీప్ ఎఫ్‌డీలో ఉంచండి. బాగా నడిచిన నెలలో ఆ ఖాతా చూసి మనసు లాగుతుంది, అయినా ముట్టుకోవద్దు. పోయినేటి లెక్కనే వస్తే తొమ్మిది నెలల్లో ఫండ్ నిండుతుంది. ఆరోగ్య బీమా లేకపోతే ఈ వారమే తీసుకోండి. సిప్‌లు ఆ తర్వాత.

ల్యాప్‌టాప్ పదో నెలలో, చేతి డబ్బుతో కొనండి. అందాకా పాతది నెమ్మదిస్తుంటే డెక్‌లోని పెద్ద ఫొటోల సైజు తగ్గించి చూడండి.