పేస్లిప్‌లో స్పెషల్ అలవెన్స్ ఎందుకు పెడతారు, గ్రాట్యుటీ దగ్గర అది ఏం చేస్తుంది

ప్రశ్న: సార్, నాది నెలకి 40,000 సీటీసీ, కానీ బేసిక్ 12,000 మాత్రమే, స్పెషల్ అలవెన్స్ 19,983 అని ఉంది. ఏడేళ్లు పూర్తయ్యాయి, వచ్చే నెల మానేస్తున్నా. గ్రాట్యుటీ 48 వేలే వస్తుందని హెచ్ఆర్ వాళ్లు అంటున్నారు. ఇది కరెక్టేనా?

జవాబు: ముందు ఆ 19,983 ని ఒకసారి చూడండి, ఇంత విడ్డూరమైన అంకెని ఎవరూ ఆలోచించి ఇవ్వరు, అది లెక్కలో మిగిలింది. కంపెనీ ముందు మొత్తం 40,000 అనుకుంటుంది, అందులో బేసిక్ 12,000 పెట్టి, దాంట్లో సగం 6,000 హెచ్ఆర్ఏ, 12 శాతం అంటే 1,440 కంపెనీ వాటా పీఎఫ్, 577 గ్రాట్యుటీకి పక్కన పెట్టేది, ఇవన్నీ తీసేస్తే ఇంకా 19,983 మిగులుతుంది కదా, దానికి ఏదో ఒక పేరు కావాలి కాబట్టి స్పెషల్ అలవెన్స్ అని రాస్తారు. మీరు ఏదో స్పెషల్ పని చేసినందుకు ఇచ్చేది కాదు. బేసిక్ తగ్గితే దాని మీద లెక్కేసే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా తగ్గుతాయి, అందుకే ఇంక్రిమెంట్ వచ్చినప్పుడు కూడా చాలా చోట్ల బేసిక్ కదలదు, పెరిగిందంతా ఇందులోకే పోతుంది. మీ పాత పేస్లిప్‌లు రెండు మూడేళ్లవి పక్కపక్కన పెట్టుకుని చూడండి, తెలిసిపోతుంది.

ఇక గ్రాట్యుటీ. నెలని 26 పనిదినాలుగా లెక్కేసి, పనిచేసిన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇస్తారు. 48 వేలు ఎక్కడినుంచి వచ్చిందంటే 12,000 × 15 ÷ 26 × 7, అంటే 48,462. 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం అయితే హెచ్ఆర్ వాళ్ల లెక్క దాదాపు నిలబడేది, ఎందుకంటే ఆ చట్టంలో జీతం అన్న మాట నుంచి బోనస్, హెచ్ఆర్ఏ లాంటి వాటితో పాటు "ఇతర ఏ అలవెన్స్ అయినా" అని తీసేశారు. కానీ 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, మీరు మానేసేది దాని తర్వాత. జీతానికి వాటిలో ఇచ్చిన కొత్త నిర్వచనంలో ఏవేవి జీతంలోకి రావో పేర్లు పెట్టి లిస్ట్ ఇచ్చారు, హెచ్ఆర్ఏ ఉంది, ప్రయాణ భత్యం ఉంది, కంపెనీ పీఎఫ్ వాటా ఉంది, ఓవర్‌టైమ్ ఉంది, స్పెషల్ అలవెన్స్ మాత్రం లేదు. "ఇతర ఏ అలవెన్స్ అయినా" అన్న మాట కూడా లేదు. అంటే నా ఉద్దేశంలో మీ జీతం 12,000 + 19,983, మొత్తం 31,983, దాని మీద గ్రాట్యుటీ 1,29,162 వస్తుంది. తేడా 80 వేలు పైనే, ఏడేళ్లు కష్టపడ్డ మనిషికి అది చిన్న మొత్తం కాదు.

కంపెనీ దీన్ని ఒప్పుకోకపోవచ్చు, ఆ అలవెన్స్ ఫలానా ఖర్చుల కోసం ఇచ్చాం, అది లిస్ట్‌లోదే అని వాదించొచ్చు. అలా అన్నా పూర్తిగా తప్పించుకోలేరు, తీసేసేవన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం మళ్లీ జీతంలో కలపాలి. ఆ లెక్కన కూడా సుమారు 20,000 మీద కట్టాలి, అంటే 80 వేల చుట్టూ. 48 వేలే అన్న లెక్క మాత్రం ఎలా చూసినా నిలబడదు.

పీఎఫ్ సంగతి వేరు, అక్కడ మీకు వచ్చే లాభం తక్కువ. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వివేకానంద విద్యామందిర్ కేసులో, అందరికీ ప్రతి నెలా ఒకేలా ఇచ్చే అలవెన్స్‌ని పీఎఫ్ లెక్కలో కలపాలని చెప్పింది, ఎక్కువ పని చేసినందుకు ఇచ్చే ఇన్సెంటివ్ లాంటిదైతే కలపక్కర్లేదు. కాబట్టి మీతో పనిచేసే వాళ్లందరి స్లిప్‌లోనూ అదే అలవెన్స్ ఉందా, పనితో సంబంధం లేకుండా నెలనెలా వస్తోందా చూడండి. అయితే చట్టప్రకారం పీఎఫ్ తప్పనిసరి లెక్క 15,000 జీతం దగ్గర ఆగిపోతుంది. మీకు 12,000 మీద కట్టారు, 15,000 మీద కట్టాలి, అంటే నెలకి 1,440 బదులు 1,800, తేడా 360. మీ వాటా కూడా అంతే పెరుగుతుంది కాబట్టి చేతికొచ్చేది కాస్త తగ్గుతుంది. బేసిక్ ముందే 15,000 దాటిన వాళ్లకి ఈ తీర్పు వల్ల ఏమీ మారదు, ఇది చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు.

లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ బేసిక్ మీదా, గ్రాస్ మీదా అన్నది మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో, లీవ్ పాలసీలో ఏం రాశారో చూసుకోండి.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే, మానేసే ముందే గ్రాట్యుటీ లెక్క ఏ జీతం మీద వేశారో మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో వద్దు. ఫుల్ అండ్ ఫైనల్ పేపర్ మీద "నాకు ఇంకేమీ రావాల్సింది లేదు" అని ఉంటే సంతకం పెట్టకండి, పెట్టక తప్పదంటే గ్రాట్యుటీ మీద నా అభ్యంతరం ఉంది అని సంతకం పక్కనే చేత్తో రాసి, ఫోటో తీసి ఉంచుకోండి. తక్కువే వేస్తే లేబర్ డిపార్ట్‌మెంట్‌లో గ్రాట్యుటీ కేసులు వినే అధికారి దగ్గర దరఖాస్తు పెట్టొచ్చు, అక్కడికి ఈ పేస్లిప్‌లు, ఆ మెయిల్ రెండూ తీసుకెళ్లండి.