‘కణాలు పడిపోయినయ్’ అంటే ఏ కణాలు?

సార్, పోయిన నెల మా అమ్మకు వైరల్ జ్వరం వస్తే ఐదో రోజు సీబీసీ చేయించాం. హిమోగ్లోబిన్ 9.8, ఆర్‌బీసీ 4.6, ఎంసీవీ 70, డబ్ల్యూబీసీ 3,200 (న్యూట్రోఫిల్స్ 40 శాతం, లింఫోసైట్స్ 50 శాతం), ప్లేట్‌లెట్లు 1.10 అని వచ్చింది. చూసినవాళ్లలో ఒకరు ‘రక్తం తక్కువున్నది’ అన్నరు, ఇంకొకరు ‘కణాలు పడిపోయినయ్’ అన్నరు. రెండూ ఒకటేనా? జ్వరమైతే తగ్గింది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

ఒకటి కాదమ్మా. మన దిక్కు ‘రక్తం తక్కువ’ అంటే హిమోగ్లోబిన్ తక్కువని, వానాకాలం జ్వరాలప్పుడు ‘కణాలు పడిపోయినయ్’ అంటే ప్లేట్‌లెట్లు తగ్గాయని అర్థం. వాడుక అంత స్థిరపడ్డాక తప్పనడానికి నేనెవర్ని? కాకపోతే రిపోర్టులో ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అని మూడు రకాలుంటాయి, వాటిలో ఏవి తగ్గాయో ‘కణాలు’ అన్న మాట చెప్పదు. పైగా ప్లేట్‌లెట్ నిజానికి పూర్తి కణం కాదు, ఎముక మూలుగలో ఉండే ఓ పెద్ద కణం నుంచి విడివడిన తునక. పాఠ్యపుస్తకాల్లో ‘రక్త ఫలకికలు’ అని ఉంటుంది గానీ ఆ మాట ల్యాబులో అంటే ఎవరికీ తెలియదు, ప్లేట్‌లెట్లు అనే అనండి.

మీ అమ్మగారి ఎర్రకణాల లైను చూడండి. 4.6 అంటే ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో 46 లక్షలు. ఆడవాళ్లకు ఇది మామూలు సంఖ్యే. కానీ హిమోగ్లోబిన్ 12 ఉండాల్సింది 9.8 ఉంది. అంటే ‘రక్తం తక్కువ’ నిజం, ‘ఎర్రకణాలు తగ్గాయి’ అంటే మాత్రం అబద్ధం. ఇదెట్లా కుదిరిందంటే, ఎంసీవీ అనేది ఒక్కో ఎర్రకణం సగటు సైజు, అది 80 నుంచి 100 దాకా ఉండాలి, ఆమెకు 70 ఉంది. గిన్నెలు సరిపడా ఉన్నాయి గానీ అన్నీ చిన్నవి, అందుకే మొత్తం కలిపినా సరుకు తక్కువ.

తెల్లకణాల దగ్గర ఇంకో చిక్కుంది. లింఫోసైట్స్ 50 శాతం పక్కన ‘హెచ్’ అని అచ్చయి ఉంటుంది, చూడగానే టెన్షన్. కానీ శాతం పెరగడం వేరు, సంఖ్య పెరగడం వేరు. 3,200లో సగం 1,600, అది మామూలే. న్యూట్రోఫిల్స్ లెక్కేస్తే 1,280 వస్తుంది, అసలు తగ్గినవి ఇవి. ఇవి తగ్గాయి కాబట్టే లింఫోసైట్ల వాటా పెద్దగా కనబడుతోంది. వైరల్ జ్వరాల్లో ఇట్లా కావడం మామూలే, కోలుకున్నాక సాధారణంగా అదే సర్దుకుంటుంది. ‘లింఫోసైట్లు పెరిగాయి’ అనకుండా ‘లింఫోసైట్ల శాతం పెరిగింది’ అంటే సరిపోతుంది.

ప్లేట్‌లెట్లు 1.10 అంటే లక్షల్లో, అంటే లక్షా పదివేలు. వేరే ల్యాబు ఇదే సంగతిని వేలల్లో 110 అని రాస్తుంది, అది చూసి ‘నూటపదేనా!’ అని గుండె జారిపోయినవాళ్లున్నారు, కాబట్టి అంకె పక్కన యూనిట్ చదవనిదే నోరు తెరవొద్దు. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా మామూలు గనక ఆమెకు తగ్గినమాట నిజమే. జ్వరం ఏమీ లేని మనిషికి ఉన్నట్టుండి బాగా తక్కువ వస్తే మాత్రం ముందు అనుమానించాల్సింది ట్యూబును. రక్తం గడ్డకట్టకుండా అందులో వేసే ఈడీటీఏ మందు వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి, మెషిన్ వాటిని సరిగా లెక్కపెట్టలేదు. స్లైడు మీద పూసి మైక్రోస్కోపులో చూస్తే ఆ గుంపులు కనబడతాయి, లేదా సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి చూస్తారు.

డెంగీ అయినప్పుడు ఊరంతా ప్లేట్‌లెట్లనే అడుగుతుంది గానీ, డాక్టర్లు రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో చెప్పే హెమటోక్రిట్ లైనును కూడా అంతే శ్రద్ధగా చూస్తారు. ప్లేట్‌లెట్లు పడిపోతూ అది పెరుగుతోందంటే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతోందని అనుమానం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మబ్బుగా ఉండటం, వీటిలో ఏది కనబడినా కౌంట్ ఎంతున్నా ఆసుపత్రికి పోవాల్సిందే.

ఇక మీ అమ్మగారికి మిగిలిన పని ‘రక్తం తక్కువ’దే. వారం జ్వరంతో కణాల సైజు తగ్గదు, కాబట్టి అది ముందునుంచీ ఉన్నదే అయ్యుంటుంది. ఎక్కువమందిలో కారణం ఐరన్ లోపం, కొందరిలో పుట్టుకతో వచ్చే తలసీమియా ట్రెయిట్. ఐరన్ లోపమో కాదో తేల్చడానికి ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష రాస్తారు. జ్వరమున్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి అప్పుడు చేయించి ఉంటే లోపం దాగిపోయేది. ఇప్పుడు జ్వరం తగ్గింది గదా, డాక్టర్‌కు ఈ పాత రిపోర్టు కూడా చూపించి అడగండి.