దారి అడిగినవారికి దారి చెప్పడం: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి, మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

లాడ్ బజార్ మొదట్లో, చార్మినార్‌కు ఎదురుగా ఉన్న ఆ గాజుల దుకాణంలో గల్లా దగ్గర కూర్చుంటున్నావని అక్కయ్య చెప్పింది. అదే గల్లా దగ్గర ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి, గాజుల ధరలకన్నా ముందు నీకు మరొక పని గురించి రాయాలనిపించింది. ఆ మెట్టు మీద కూర్చున్నవాణ్ణి రోజుకు పది మందైనా దారి అడుగుతారు. వారిలో చాలామంది మన ఊరివారు కారు, మళ్లీ మన కంటపడరు. అందువల్ల మనం చెప్పింది తప్పయితే ఆ సంగతి మనకు ఎప్పటికీ తెలియదు. నాకు మాత్రం ఒకసారి తెలిసింది.

జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉస్మానియా ఆసుపత్రికి ఎలా వెళ్లాలని అడిగింది. నేను లెక్కల పుస్తకంలోంచి తల పూర్తిగా ఎత్తకుండానే, "నేరుగా వెళ్లి వంతెన దగ్గర ఎడమ వైపు తిరగండి" అని చెప్పాను. ఆసుపత్రి మూసీకి అవతలి ఒడ్డున, నయాపూల్ వంతెన దాటాక ఎడమ పక్కన ఉంది. ఆమె వంతెన దగ్గరే, అంటే వంతెన ఎక్కకముందే ఎడమకు తిరిగింది. ఆ పక్కన ఉన్నది హైకోర్టు. అదీ గుమ్మటాల భవనమే కాబట్టి ఆసుపత్రి అదే అనుకుని గేటు దాకా వెళ్లింది. అక్కడివారు చెప్పింది కూడా అర్థం కాక, ఈ ఊళ్లో తనకు తెలిసిన చోటు మా దుకాణం ఒక్కటే కాబట్టి గంట తర్వాత తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఆమె కొడుకు ఆ ఆసుపత్రిలో పడుకుని ఉన్నాడు. ఆ రోజు నేనే వెంట వెళ్లి దింపి వచ్చాను. "దగ్గర" అన్న ఒక్క మాట వంతెనకు ఇవతలా కావచ్చు, అవతలా కావచ్చు అని అంతవరకు నాకు తోచలేదు. ఇప్పుడు నీకు రాస్తున్నదంతా ఆ తర్వాత నేను మార్చుకున్న పద్ధతి.

నీ దగ్గర ఎక్కువగా అడిగేది సాలార్‌జంగ్ మ్యూజియం గురించే కాబట్టి ఆ దారినే తీసుకుందాం. అది మూసీకి ఇవతలి ఒడ్డునే ఉంది, దుకాణం నుంచి సుమారు ఒకటిన్నర కిలోమీటరు ఉంటుంది. ఎవరైనా అడగగానే చెప్పడం మొదలుపెట్టవద్దు. నడిచి వెళతారా, ఆటోలో వెళతారా అని ముందు అడుగు. ఆటో అయితే డ్రైవరుకు చెప్పవలసిన పేరు ఒక్కటి చాలు, దారి అక్కర లేదు. ఆ రోజు శుక్రవారమైతే మ్యూజియానికి సెలవని కూడా ముందే చెప్పాలి. మూసి ఉన్న గేటుకు దారి ఎంత చక్కగా చెప్పినా ఏం లాభం?

నడిచే వెళతామంటే మెట్టు దిగి వారి పక్కకు వెళ్లు. ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరిలో ఒకరి కుడి మరొకరికి ఎడమ అవుతుంది. చెప్పేవాడు తన కుడిచేతిని ఊపుతూ "కుడికి" అంటే, వినేవాడు చేయి చూపిన వైపు వెళ్లాలో, విన్న మాట ప్రకారం వెళ్లాలో తేల్చుకోలేక తల మాత్రం ఊపుతాడు. భుజానికి భుజం ఆనేంత దగ్గరగా, ఇద్దరూ ఒకే వైపు చూస్తూ నిలబడితే ఆ చిక్కే ఉండదు. చూపించేటప్పుడు వేలితో కాక చేయి పూర్తిగా చాచి చూపించు. ఆ జనంలో వేలు ఎటు చూపుతున్నదీ ఎవరికీ తెలియదు.

ఏ వైపు చూస్తూ నిలబడాలన్నది కూడా ఆలోచించవలసిందే. చార్మినార్ నాలుగు వైపులా ఒకేలా కనిపిస్తుంది, గడియారాలు కూడా నాలుగు వైపులా ఉన్నాయి. కాబట్టి "చార్మినార్ ముందు", "చార్మినార్ వెనక" అన్న మాటలకు కొత్తవారి చెవిలో ఏ అర్థమూ ఉండదు. ఉత్తరం, దక్షిణం అన్నా ఎండవేళ ఆ సందడిలో ఎవరూ పోల్చుకోలేరు. లాడ్ బజార్ నుంచి బయటకు చూస్తే చార్మినార్ ఎదురుగా ఉంటుంది, నీళ్ల ఫౌంటెన్ ఉన్న గుల్జార్ హౌజ్ ఎడమ చేతి వైపు పడుతుంది. అందుకని వారిని ఆ ఎడమ వైపుకు తిప్పి నిలబెట్టి, "ఇప్పుడు మీరు చూస్తున్న వైపే నడవాలి" అని మొదలుపెట్టు. ప్రయాణంలో మొదటి మలుపు నీ కళ్ల ముందే, నీ చేతుల మీదుగానే అయిపోతుంది. చెప్పవలసిన వాటిలో ఒకటి తగ్గినట్టే.

ఇక గుర్తుల సంగతి. గుర్తు అంటే మనకు తెలిసినది కాదు, ఈ ఊరు మొదటిసారి చూస్తున్నవారికి తనంతట తాను కనబడేది. తోపుడు బండి సాయంత్రానికి ఉండదు, దుకాణం బోర్డు వచ్చే ఏడాదికి మారుతుంది, ముత్యాల దుకాణం అంటే ఆ దారి పొడుగునా ఉన్నవి అవే. ఈ దారిలో ఎన్నేళ్లయినా కదలని గుర్తులు మూడు ఉన్నాయి: కమానులు, మదీనా చౌరస్తా, మూసీ మీది వంతెన. వీటిలో కమానుల విషయంలో కొంత జాగ్రత్త కావాలి. గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు వైపులా నాలుగు కమానులు ఉన్నాయి, అందుకే ఆ చోటుకు చార్ కమాన్ అని పేరు. "కమాను దాటాక" అని ఊరుకుంటే ఏ కమాను అన్నది తెలియదు. ఈ దారిలో నడిచేవారు చార్మినార్ వైపున్న కమాను కింద నుంచి వెళ్లి, నీళ్ల ఫౌంటెన్ పక్కగా సాగి, ఎదురుగా ఉన్న మచ్లీ కమాను కింద నుంచి బయటపడాలి. పక్కలకున్న రెండు కమానుల జోలికి పోకూడదు. కొత్తవారికి ఇన్ని పేర్లు అక్కర లేదు. "రెండు కమానుల కింద నుంచి నేరుగా" అంటే సరిపోతుంది.

మాట కూడా వారికి తెలిసినదై ఉండాలి. మనం చౌరస్తా, గల్లీ అంటాం. కోస్తా నుంచి వచ్చినవారు సెంటర్, సందు అంటారు. కమాను అన్న మాటే విననివారు ఉంటారు. వారికి "రోడ్డు మీద అడ్డంగా కట్టిన పెద్ద రాతి తోరణం, దాని కింద నుంచే జనం నడుస్తారు" అని చెప్పు. వారు అడిగేటప్పుడు ఏ మాట వాడారో గమనించి, ఆ మాటనే తిరిగి వాడితే ఇంకా మంచిది.

అన్నీ కలిపితే చెప్పవలసినది ఇంతే: "ఇటే నేరుగా నడవండి, రెండు కమానుల కింద నుంచి వెళతారు. ఆ తర్వాత మదీనా చౌరస్తా వస్తుంది, అక్కడ ఎటూ తిరగకండి. ఎదురుగా వంతెన కనిపిస్తుంది. వంతెన ఎక్కకుండా, దానికి ముందే కుడి చేతి వైపు తిరగండి. ఆ రోడ్డులో ఎడమ పక్కన మ్యూజియం." ఒక్కొక్క వాక్యానికి ఒక్కటే పని ఉంది చూశావా? ఒక మాట చెప్పి కొంచెం ఆగు, వారి కళ్లు ఆ వైపు తిరిగాక తర్వాతది చెప్పు. ఇంతకన్నా ఎక్కువ చెప్పవలసి వస్తే ఎవరికీ గుర్తుండదు. అప్పుడు సగం దారి మాత్రమే చెప్పి, "మదీనా చౌరస్తాలో మళ్లీ ఒకసారి అడగండి" అని పంపడం మేలు. దగ్గరి దారి ఉందని గల్లీల గుండా పంపవద్దు. నాలుగు నిమిషాలు తగ్గుతాయేమో కానీ, అక్కడ ఒక మలుపు తప్పితే పట్టుకోవడానికి గుర్తంటూ ఏమీ ఉండదు.

దూరం విషయంలో మనవాళ్లందరికీ ఒక అలవాటు ఉంది. ఎంత దూరమున్నా "ఇక్కడే, రెండు నిమిషాలు" అంటారు. అలా విన్నవాడు ఐదు నిమిషాలు నడిచి ఏమీ కనబడకపోతే దారి తప్పానని భయపడి, సరైన దారిలోనే ఉండి కూడా పక్కకు తిరుగుతాడు. నెమ్మదిగా నడిస్తే అరగంట దాకా పట్టవచ్చని ఉన్నది ఉన్నట్టు చెప్పు. దానితోపాటు దాటిపోయినట్టు తెలిపే గుర్తు ఒకటి తప్పనిసరిగా ఇవ్వు. ఈ దారికి అది వంతెనే: "మీ కింద మూసీ కనిపించిందంటే దాటిపోయారు, వెనక్కి రండి." ఆ పెద్దామెకు నేను దీన్నే తిరగేసి, వంతెన పూర్తిగా దాటేదాకా ఎడమకు తిరగవద్దని చెప్పి ఉంటే ఆమె గంటసేపు తిరిగేది కాదు.

చెప్పడం అయ్యాక "అర్థమైందా?" అని మాత్రం అడగకు. ఆ ప్రశ్నకు అవునని తప్ప మరో జవాబు ఎవరూ ఇవ్వరు, పరాయి ఊళ్లో పదిమంది ఎదుట తెలియలేదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. తప్పేదైనా ఉంటే నీదే అన్నట్టుగా, "నేను ఏమైనా వదిలేశానేమో, ఒక్కసారి మీరు చెప్పండి, వింటాను" అను. వారు చెబుతుంటే మధ్యలో అందుకోవద్దు. ఎక్కడ తడబడ్డారో అక్కడే దారి తప్పుతారు, ఆ ముక్క ఒక్కటే మళ్లీ చెప్పు. మొదటినుంచి అంతా తిరిగి చెబితే సరిగా పట్టుకున్నది కూడా కలగాపులగం అవుతుంది. అంతా చెప్పించే తీరిక వారికి లేకపోతే, చిక్కు ఉన్న ఒక్క చోటు గురించి అడుగు: "వంతెన కనిపించాక ఏం చేస్తారు?" "వంతెన ఎక్కి కుడికి" అన్నారో, అక్కడే దొరికిపోయింది. రెండుసార్లు చెప్పినా నిలవకపోతే చీటీ మీద వరుసగా రాసి ఇవ్వు: రెండు కమానులు, మదీనా, వంతెనకు ముందు కుడి. చదవడం రానివారైనా ఆ చీటీని దారిలో మరొకరికి చూపించుకోగలుగుతారు.

అడిగిన చోటు నీకు నిజంగా తెలియకపోతే తెలియదనే చెప్పి, తెలిసినవారిని చూపించు. పక్క దుకాణంవారిని పిలిచి అడగడానికి మొహమాటపడకు.

వారు బయలుదేరాక వెంటనే లోపలికి వెళ్లిపోకు. మొదటి కమాను దాకా దారి నీకు మెట్టు మీది నుంచే కనిపిస్తుంది. ఆ కొద్దిసేపు అక్కడే నిలబడి చూడు, వేరే వైపు తిరిగితే గట్టిగా పిలువు. కమాను కింద నుంచి సరిగానే వెళ్లారని చూశాక వచ్చి గల్లా దగ్గర కూర్చో.

ఇట్లు,
మీ మామయ్య