పెళ్లిలో నవ్వుతూ పలకరించిన మనిషి ఎవరో తట్టలేదు, మతిమరుపా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 56 ఏళ్లు, పర్లాకిమిడిలో బట్టల షాపు. మొన్న పాతపట్నంలో పెళ్లికి వెళ్తే ఒకాయన నవ్వుతూ వచ్చి చెయ్యి పట్టుకుని, "బాగున్నారా, మీ చిన్నోడి చదువు అయిపోయిందా" అన్నాడు. ఎవరో అస్సలు తెలియలేదు. తెలిసినట్టే పావుగంట మాట్లాడాను. రెండు రోజుల తర్వాత బ్యాంకుకి వెళ్తే క్యాష్ కౌంటర్‌లో కూర్చున్నాడు! మా నాన్నకి 78 ఏళ్లప్పుడు మతిమరుపు జబ్బు వచ్చింది. నాకూ మొదలైందంటారా? ఇలాంటప్పుడు ఏం చెప్పాలి?

జవాబు: కౌంటర్ దగ్గరికి వెళ్లగానే మీకు మీరే పోల్చుకున్నారు చూడండి, నాకు కావలసిన విషయం అదే. మతిమరుపు జబ్బులో మనిషిని చూపించి "ఫలానా బ్యాంకు అతను" అని చెప్పినా, అతనితో నడిచిన వ్యవహారమే గుర్తుకు రాకపోవచ్చు. మీ విషయంలో జ్ఞాపకం పోలేదు, అది దొరికే దారి ఆ రోజు మూసుకుపోయింది, అంతే.

ఒక మొహం "తెలిసిందే" అనిపించడం వేరు, "ఎవరు, ఎక్కడ" అన్నది తట్టడం వేరు. మొదటిది క్షణంలో అయిపోతుంది, రెండోదానికి చోటు ఆసరా కావాలి. జార్జ్ మాండ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లో దీనికి బస్సులో కనిపించిన మాంసం కొట్టతన్ని ఉదాహరణగా ఇచ్చాడు: మొహం బాగా తెలుసు, కత్తీ దుకాణం లేకపోయేసరికి ఎవరో తెలియదు. మీరు ఆ క్యాషియర్‌ని ఎప్పుడూ అద్దం వెనక, కూర్చుని, తల వంచుకుని నోట్లు లెక్కపెడుతుండగా చూశారు. పెళ్లిలో అతను నిలబడి ఉన్నాడు, బహుశా పంచె కట్టుకుని, నవ్వుతూ. నాకూ ఇది మామూలే. ఆదివారం సంతలో ఒకాయన నమస్కారం పెడితే పేషెంటే అనుకుని "బీపీ ఎలా ఉంది" అని అడిగాను, తీరా చూస్తే మా క్లినిక్‌లో ఫ్యాన్లు బిగించిన మనిషి.

ఇక ఏం చెప్పాలంటే, తెలిసినట్టు నటించకండి. మీ బుర్ర సగం నటనకీ, సగం దొరికిపోతామేమో అన్న టెన్షన్‌కీ పోతే వెతకడానికి మిగిలేది తక్కువ, పైగా ఆ పావుగంటలో అతను చెప్పిందీ సరిగ్గా ఎక్కదు. మొదటి నిమిషంలోనే నవ్వుతూ, "మొహం బాగా తెలుసండీ, ఎక్కడ కలుస్తుంటామో తట్టట్లేదు" అనేయండి. పేరు అడగొద్దు. పేరుకి అర్థంతో ముడి ఉండదు కాబట్టి అందరికీ ఆఖర్న తట్టేది అదే, చెప్పినా చాలాసార్లు ఉపయోగం ఉండదు. చోటు చెబితే మాత్రం మనిషి మొత్తం బయటికొస్తాడు. మన సరిహద్దు ఊళ్లలో ఇంకో ఆధారం కూడా ఉంది, పలకరింపు భాష. "ఆజ్ఞా, భల అఛంతి?" అన్నాడంటే మీ తెలుగు చుట్టాల జాబితా పక్కన పెట్టేసి ఒడియా పరిచయాల్లో వెతుక్కోవచ్చు.

నాన్నగారి జబ్బు గురించి: అంత పెద్ద వయసులో వచ్చింది కాబట్టి మీకు రిస్క్ కొంచెం పెరుగుతుందే గానీ తప్పకుండా వస్తుందని కాదు. నేను భయపడేవి వేరే ఉన్నాయి. షాపుకి రోజూ వచ్చే ఖాతాదారుల్నే పోల్చుకోలేకపోవడం, అడిగిందే అరగంటకోసారి అడగడం, షాపు లెక్కల్లో ఇదివరకు లేని తప్పులు రావడం, తెలిసిన దారి తప్పడం. ఇవి మనకి తెలియవు, పక్కవాళ్లకి తెలుస్తాయి, అందుకే మీ ఇంట్లో ఆవిణ్ని అడగండి. ఆవిడ అవునంటే ఆలస్యం చేయకుండా బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించి, నిద్రమాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా పట్టుకుని డాక్టర్‌ని కలవండి. ఈ మూడింటి వల్ల వచ్చే మరుపు చాలావరకు తగ్గించదగ్గదే.

చిన్నప్పటి నుంచీ మొహాలు పట్టుకోలేక గొంతు, నడక చూసి పోల్చుకునేవాళ్లు కొందరుంటారు. అది పుట్టుకతో వచ్చిన లక్షణం, ముదిరే జబ్బు కాదు. కానీ ఉన్నట్టుండి ఒకరోజు ఇంట్లోవాళ్ల మొహాలే కొత్తగా కనిపించినా, చూపు ఒక పక్క పోయినట్టున్నా అది మెదడు వెనక భాగంలో స్ట్రోక్ కావచ్చు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు, అందులో స్కానింగ్ కూడా అవ్వాలి, కాబట్టి రేపు చూద్దాం అనుకోకుండా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే బయల్దేరాలి.

మీకైతే ఇప్పుడు స్కానింగ్ అక్కర్లేదు. ఈసారి బ్యాంకుకి వెళ్లినప్పుడు "ఆ రోజు పెళ్లిలో మిమ్మల్ని పోల్చుకోలేకపోయానండీ" అని అతనితో చెప్పేయండి. పావుగంట మాట్లాడాడు కదా, అతనికి అప్పుడే అనుమానం వచ్చి ఉంటుంది.