థర్మల్ ప్లాంట్ సాంకీ డయాగ్రమ్‌లో కరెంటు కంటే నష్టమే లావుగా ఎందుకు ఉంది?

"థర్మల్ ప్లాంట్ సాంకీ డయాగ్రమ్ ఒకటి చూశాను. కండెన్సర్‌కి పోయే పట్టీ కరెంటు పట్టీ కంటే లావుగా ఉంది. అంటే సగం బొగ్గు దండగేనా? డబ్బులకి కూడా ఇలాంటి బొమ్మే వేస్తారు కదా, దాన్నీ ఇలాగే చదవాలా?"

నేను పరవాడ వైపు ఎనర్జీ ఆడిట్లు చేస్తుంటాను, శక్తి ఎటు ఎంత పోతోందో పట్టీల వెడల్పుతో చూపించే ఈ సాంకీ బొమ్మలతో నాకు మొదట్లోనే ఒక దెబ్బ తగిలింది, అది కూడా చెప్తా.

ముందు ఎడమ చివర 100 అంటే దేనిలో 100 అన్నది చూడండి. మన దగ్గర బొగ్గు లెక్క సాధారణంగా జీసీవీ మీద, అంటే బొగ్గు కాలితే వచ్చే మొత్తం వేడి మీద వేస్తారు, అందుకే పొగలో నీటి ఆవిరిగా పోయే వేడి కూడా నష్టం కిందే వస్తుంది. అదే ఆ ఆవిరి వేడిని తీసేసి లెక్కేసే ఎన్‌సీవీ మీద గీస్తే ఆ ముక్క బొమ్మలోనే ఉండదు, అదే ప్లాంట్ బాగుపడిపోయినట్టు కనిపిస్తుంది. 500 మెగావాట్ల పాత తరహా యూనిట్‌కి జీసీవీ మీద ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది: 100లో 14 బాయిలర్ దగ్గరే పోతాయి, 86 ఆవిరిలోకి వెళ్తాయి. అందులో 47 టర్బైన్ దాటిన ఆవిరిని చల్లార్చి నీళ్ళు చేసే కండెన్సర్‌కి, ఒకటి చిల్లర నష్టాలకి, 38 కరెంటుగా. ఆ 38లో రెండు ప్లాంట్ సొంత ఫ్యాన్లకి, పంపులకి పోతే బయటికొచ్చేది 36.

నా దెబ్బ ఏంటంటే, అంకెలు లేని ఒక ప్రింటు ఇచ్చి పట్టీల లెక్క తీయమన్నారు, 100లో ఒక్కో భాగానికి ఒక మిల్లీమీటర్ అని నేను స్కేలు పెట్టి కొలిచా. బాయిలర్ నష్టం పట్టీ బాగా ఏటవాలుగా కిందికి దిగుతోంది, నేను దాని నడుం దగ్గర వాలుకి అడ్డంగా కొలిస్తే 9 వచ్చింది. మొత్తం కలిపితే 95. మా సీనియర్ గారు కాగితం చూసి "ఏటి తమ్ముడూ, మిగతా ఐదూ ఏటైపోనాయి?" అన్నారు. ఆ బొమ్మ గీసిన సాఫ్ట్‌వేర్ పట్టీ మందాన్ని నిలువుగా లెక్కేసి గీస్తుంది, అందుకే వాలు ఎక్కువైతే అదే పట్టీ కంటికి సన్నగా కనిపిస్తుంది. 50 డిగ్రీల వాలులో 14 కాస్తా 9 అయిపోతుంది. కొలవాల్సింది పట్టీ మొదలయ్యే దగ్గర, పట్టీలు చీలే దిమ్మని అంటుకున్న చోట. పొడుగు, రంగు, వంపు, వీటికి అర్థం ఏమీ లేదు. ఏ చోటైనా నిలువుగా ఒక గీత గీయండి, ఆ గీతని దాటేవీ, దానికి ముందే బయటికెళ్ళిపోయినవీ కలిపితే మొదటి మొత్తమే రావాలి, రాకపోతే మీ కొలతైనా తప్పు, వేసినవాడి లెక్కైనా తప్పు.

ఇంక మీ అసలు డౌటు. ఆ 47 ఎవరి నిర్లక్ష్యమూ కాదండీ. ఆవిరి 540 డిగ్రీల దగ్గర టర్బైన్‌లోకి వెళ్ళి చివరికి 45 డిగ్రీల దగ్గర నీళ్ళవుతుంది, ఈ రెండు వేడిమిల మధ్య ఎంత గొప్ప ఇంజిన్ పెట్టినా 61 శాతం దాటదు, మిగతాది ఎక్కడో చల్లారాల్సిందే. కండెన్సర్ వేడిని గాల్లోకి వదిలే సింహాద్రి థర్మల్ ప్లాంట్ కూలింగ్ టవర్ల మీద తెల్లగా లేచేది చూసి పొగ అనుకుంటారు చాలామంది, అది ఆవిరి, మీ బొమ్మలో లావు పట్టీ అదే. వేడి బోలెడంత ఉన్నా మరీ గోరువెచ్చనిది, దాంతో ఇంకో టర్బైన్ తిప్పలేం. పట్టీ వెడల్పు ఎంత ఉందో చెప్తుంది గానీ ఎంత పనికొస్తుందో చెప్పదు. పనికొచ్చే శక్తిని, అంటే ఎక్సర్జీని, పట్టుకుని గీసే గ్రాస్‌మన్ డయాగ్రమ్ అని ఒకటుంది, అందులో కండెన్సర్ చిక్కిపోయి బాయిలర్ దగ్గరే అన్నిటికంటే పెద్ద నష్టం కనిపిస్తుంది, ఎందుకంటే వెయ్యి డిగ్రీలు దాటిన మంటతో 540 డిగ్రీల ఆవిరి చేస్తున్నాం. ఈ బొమ్మకి పేరిచ్చిన కెప్టెన్ సాంకీ కూడా 1898లో ఒక్క ఆవిరి ఇంజిన్ బొమ్మ వేసి ఊరుకోలేదు, నష్టాల్లేని ఆదర్శ ఇంజిన్ బొమ్మ కూడా పక్కన పెట్టాడు, రెండూ పోల్చి చూస్తేనే తగ్గించగలిగేది ఎంతో తెలుస్తుంది.

డబ్బుల్లో ఈ గొడవ లేదు, రూపాయి ఎక్కడైనా రూపాయే. అక్కడ తంటా వెనక్కి తిరిగొచ్చే పట్టీలతో. మా సీతమ్మధార అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఇలాంటి బొమ్మే వేశారు, ఎడమవైపు 15 లక్షలు. చూసినవాళ్ళంతా ఏడాదికి 15 లక్షలు తగలేశారా అని గోల. తీరా చూస్తే మెయింటెనెన్స్ వసూలు 12 లక్షలే, మిగతా 3 మెచ్యూర్ అయిన ఎఫ్‌డీ, దాన్ని మళ్ళీ ఎఫ్‌డీలోనే వేశారు, కుడివైపు అట్టడుగున ఆ పట్టీ కూడా ఉంది గానీ అటు ఎవరూ చూడలేదు. రెండు చివర్లలోనూ ఒకే పేరున్న పట్టీ కనిపిస్తే ముందు దాన్ని తీసేసి, అప్పుడు మిగతావి కూడండి.