హారన్ స్క్రూ ఆఖరికి ముట్టుకో బిడ్డా

బిడ్డా స్వప్నా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేసిండు. ములుగులో ఉద్యోగంలో చేరుతున్నావట, రోజూ హనుమకొండ నుంచి ఆ పాత బండి మీదే పోతావట, మోగని హారన్ కూడా నువ్వే బాగుచేసుకుంటావట. మన ఇంట్లో స్పానర్ పట్టిన మొదటి ఆడపిల్లవు నువ్వు. విని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. కానీ ‘వెనక స్క్రూ కొంచెం తిప్పితే చాలట’ అన్నావని వినగానే టెన్షన్ పట్టుకుంది. ఎందుకో చెప్తా.

2004 వానాకాలం. నయీంనగర్‌లో నా షెడ్డుకు పరకాల దిక్కు నుంచి పాలు పోసే ఆయన వచ్చిండు. హారన్ నొక్కితే ‘టిక్’ అని ఒక్క చప్పుడు, అంతే. పాల క్యాన్లు బండికే ఉన్నాయి, ఆయనకు తొందర. నేను ఏదీ చూడకుండా నేరుగా స్క్రూ తిప్పిన. బొంగురుగా మోగింది. పంపించేసిన.

అసలు లోపం ఎర్త్‌లో ఉంది. హారన్ నుంచి వచ్చే ఎర్త్ వైరు ఫ్రేముకు బిగించిన చోట తుప్పు పట్టింది. దానివల్ల కరెంటు సరిపోను అందలేదు. హారన్ లోపలి కాయిల్ ఒక పలుచటి రేకును లాగుతుంది. రేకు లోపలికి రాగానే పాయింట్లు విడిపోయి కరెంటు ఆగుతుంది, రేకు వెనక్కి పోతుంది, పాయింట్లు మళ్లీ కలుస్తాయి. ఇది సెకనుకు కొన్ని వందల సార్లు జరిగితేనే మోత. ఆ స్క్రూ పని పాయింట్లు ఎప్పుడు విడిపోవాలో సరిచేయడమే. నేను చేసిందల్లా, ఆ కొద్దిపాటి కరెంటుకే పాయింట్లు విడిపోయేటట్టు తిప్పడం. రోగం అట్లనే ఉంది, నేను దాన్ని కప్పిపెట్టిన.

నాలుగు రోజుల వాన తర్వాత తుప్పు ఇంకా ముదిరింది. గూడెప్పాడు దాటినంక ఒక మలుపులో బర్రె అడ్డమొస్తే హారన్ నొక్కిండు, మోగలేదు. పడిపోయిండు, మెడ కింద ఎముక విరిగింది. చెయ్యి మెడకు కట్టుకొని షెడ్డుకు వచ్చి ‘నీ తప్పేముందన్నా’ అన్నడు. తప్పు నాదే. నువ్వు పోయేదీ అటువంటి రోడ్డే బిడ్డా.

ఇప్పుడు పని. పక్క డబ్బా తీసి ఫ్యూజ్ చూడు. లోపలి తీగ తెగితే దాని మీద రాసిన ఆంపియర్లదే కొత్తది వెయ్యి, రాగి తీగ మాత్రం చుట్టకు.

తర్వాత పాత 35 వాట్ల హెడ్‌లైట్ బల్బు సంపాదించు. చిన్న టెస్టర్ బల్బు ఇక్కడ మోసం చేస్తుంది, తుప్పు పట్టిన ఎర్త్ మీద కూడా అది వెలుగుతుంది. 35 వాట్ల బల్బు మాత్రం దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది, హారన్ లాగేది కూడా దగ్గరదగ్గరగా అంతే. హారన్‌కున్న రెండు వైర్లు ఊడదీసి, వాటి మధ్య ఈ బల్బు కలుపు. ఇంజిన్ ఆపి తాళం ఆన్ చేసి బటన్ నొక్కు. గాజు కాలుతుంది, చెయ్యి పెట్టకు. ఊడదీసిన వైరు ఫ్రేముకు తగలనీయకు.

తెల్లగా వెలిగితే వైరింగ్, బటన్, ఎర్త్ అన్నీ బాగున్నట్టు. లోపం హారన్‌లోనే. ఎర్రగా, మబ్బుగా వెలిగినా, అసలు వెలగకపోయినా బల్బుకున్న ఎర్త్ కొసను ఊడదీసి ఒక పొడుగు వైరుతో నేరుగా బ్యాటరీ మైనస్‌కు పెట్టు. వెలుగు పెరిగితే దొంగ ఎర్త్ దగ్గరే ఉంది. ఆ బోల్టు విప్పి, కింద పెయింటు, తుప్పు పోయి లోహం మెరిసేదాకా సాండ్‌పేపర్‌తో రుద్ది బిగించు. అట్ల పెట్టినా వెలుగు పెరగకపోతే, అప్పుడూ వెలగకపోతే బటన్ విప్పు. లోపలి రేకుల మీద పచ్చటి మచ్చ కనబడితే అదే. మీ బాపు బండిలో బటన్ ప్లస్ వైపు ఉంటుంది. కొన్ని బండ్లలో బటనే ఎర్త్‌ను కలుపుతుంది, ఇంకొకరి బండి మీద ఈ లెక్క పెట్టకు.

బల్బు తెల్లగా వెలిగి కూడా హారన్ మోగకపోతే, అప్పుడు స్క్రూ. ముందు గోళ్ల రంగుతో దాని స్థానం గుర్తు పెట్టుకో. ఎనిమిదో వంతు చుట్టు తిప్పి, అర సెకను నొక్కి చూడు. ఎక్కువసేపు నొక్కితే పాయింట్లు అతుక్కొని కాయిల్ కాలుతుంది. అటు అర చుట్టు, ఇటు అర చుట్టు తిప్పినా మోగకపోతే గుర్తు దగ్గరికే తెచ్చి ఆపేయి, కొత్త హారన్ కొందాం. మధ్యలో ఉండే పెద్ద నట్టు జోలికి మాత్రం పోకు.

కోపంగా రాసినట్టు అనిపిస్తే మనసులో పెట్టుకోకు. సోమవారానికి అది మోగకపోతే బస్సెక్కు, బండి మీద మాత్రం పోకు. మోగితే ఫోన్ చెయ్యి, ఇంజిన్ ఆపి హారన్ నొక్కు. బొంగురుందో లేదో నేను విని చెప్తా.

నీ పెద్దబాపు