అద్దెకిచ్చిన ఫ్లాట్‌ని మరొకరికి అద్దెకిచ్చేశాడు: ఖాళీ చేయించడం ఎలా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌ని 2023 జూన్‌లో నెలకు 22,000 అద్దెకి, 44,000 అడ్వాన్స్ తీసుకుని ఇచ్చాం. నోటరీ చేయించిన 11 నెలల అగ్రిమెంట్ ఉంది. ఆ తర్వాత మళ్ళీ రాసుకోలేదు. ఈమధ్య వెళ్ళి చూస్తే ఐదుగురు కుర్రాళ్ళు ఉంటున్నారు, ఒక్కొక్కరూ మా అద్దెదారుకి 8,000 ఇస్తున్నారట. అతను కాపురం వేరేచోట పెట్టాడు. 'యజమాని అనుమతి లేకుండా ఇతరులకు అద్దెకివ్వరాదు' అని అగ్రిమెంట్‌లో ఉంది. అద్దె మాత్రం ఠంచనుగా ఖాతాలో వేస్తున్నాడు. ఇదే ఫ్లాట్‌కి ఇప్పుడు 26,000 పలుకుతోంది. సబ్‌లెట్ చేశాడన్న కారణంతో ఖాళీ చేయించవచ్చా? అద్దె తీసుకోవడం ఆపేయాలా?

జవాబు: ఖాళీ చేయించవచ్చు. కానీ సబ్‌లెట్ అనే కారణం మీద ఆధారపడకండి. మీ కేసులో అది కనిపించినంత బలమైన కారణం కాదు, పైగా మీకు దాని అవసరమూ లేదు.

సబ్‌లెట్ చేస్తే ఖాళీ చేయించవచ్చని అందరూ అనుకోవడానికి మూలం 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా ఇంట్లో కొంత భాగమైనా మరొకరికి అద్దెకిస్తే ఖాళీ చేయించవచ్చని అందులోని సెక్షన్ 10 చెబుతుంది. అయితే నగరపాలక సంస్థ పరిధిలో నెల అద్దె 3,500 దాటితే ఆ చట్టం వర్తించదు. కట్టి 15 ఏళ్ళు దాటని భవనాలకూ వర్తించదు. 22,000 అద్దెతో మీరు రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్తే పిటిషన్ నిలవదు. మీకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం.

ఆ చట్టం దారి వేరు. ఒప్పందంలో వద్దని లేకపోతే అద్దెదారు మరొకరికి అద్దెకివ్వవచ్చని దాని సెక్షన్ 108(జె) స్పష్టంగా చెబుతుంది. మీ అగ్రిమెంట్‌లో వద్దని ఉంది కదా అంటారు. అక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, షరతు తప్పితే లీజు రద్దయి ఇల్లు స్వాధీనం చేసుకునే హక్కు యజమానికి ఉంటుందని అగ్రిమెంట్‌లో విడిగా రాసుంటేనే సెక్షన్ 111(జి) కింద లీజు రద్దు చేయగలరు. మీరు ఉదహరించిన వాక్యంలో 'ఇవ్వరాదు' అని మాత్రమే ఉంది, ఇస్తే ఏమవుతుందో లేదు. రెండు, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 1999 సవరణ తర్వాత ఏడాదిలోపు లీజుకీ రిజిస్ట్రేషన్ కావాలి. నోటరీ ముద్ర దానికి బదులు కాదు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్‌లోని షరతును రుజువుగా చూపించబోతే అవతలి లాయర్ మొదట లేవనెత్తే అభ్యంతరమే అది.

అదృష్టవశాత్తూ గడువు ఎప్పుడో ముగిసింది, అద్దె నెలనెలా నడుస్తోంది. ఇలాంటి నెలవారీ అద్దెకి సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు చాలు. కారణం చెప్పనక్కర్లేదు.

నోటీసు రాతపూర్వకంగా, మీ సంతకంతో లేదా మీ తరఫున లాయర్ సంతకంతో ఉండాలి. అద్దె ఒప్పందం రద్దు చేస్తున్నామని, అందిన నాటి నుంచి 15 రోజులు దాటాక ఖాళీ ఇల్లు అప్పగించాలని, లేదంటే ఆ తర్వాతి కాలానికి నష్టపరిహారం కట్టాలని రాయించండి. స్పీడ్ పోస్టులో ఫ్లాట్ చిరునామాకి, అతని ప్రస్తుత చిరునామాకి రెండు చోట్లకీ పంపండి. సబ్‌లెట్ సంగతి ఒక్క వాక్యంలో చాలు. అదే కారణమన్నట్టు రాస్తే దాన్ని రుజువు చేసే భారం మీరే నెత్తికెత్తుకున్నట్టవుతుంది. అది తేలిక కాదు. ఇల్లు పూర్తిగా వాళ్ళ చేతికి వదిలేశాడని, దానికి డబ్బు పుచ్చుకుంటున్నాడని రెండూ చూపాలి. 'మా తమ్ముడి స్నేహితులు, నాలుగు రోజులు ఉండటానికి వచ్చారు' అనేది ఇలాంటి చోట అందరూ చెప్పే జవాబే.

అలాగని సాక్ష్యాలు వదిలేయకండి. అవి ఖాళీ చేయించడానికి కంటే డబ్బు రాబట్టడానికి పనికొస్తాయి. నోటీసు గడువు తర్వాత అతని స్వాధీనం అక్రమం. అక్రమ స్వాధీనంలో ఉన్నవాడు ఆ ఆస్తి మీద నిజంగా సంపాదించినదాన్ని కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్ పరిహారం లెక్కలోకి తీసుకుంటుంది. ఐదుగురూ ఎనిమిదేసి వేలు కడుతున్నట్టు చూపగలిగితే మీ వాదన 22,000 దగ్గర కాక 40,000 దగ్గర మొదలవుతుంది. కోర్టు అంతా ఇస్తుందని కాదు. కుర్రాళ్ళ యూపీఐ చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, బెడ్ ఖాళీ ఉందని పెట్టిన ప్రకటన, గేటు దగ్గరి ఎంట్రీలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. వాళ్ళతో మర్యాదగా మాట్లాడితే చాలావరకు వాళ్ళే ఇస్తారు, వాళ్ళ అడ్వాన్సులూ అతని దగ్గరే ఇరుక్కుని ఉంటాయి కదా.

ఇక అద్దె. నోటీసు గడువు ముగిసేదాకా వచ్చే అద్దె మామూలుగానే తీసుకోండి. ఆ తర్వాతి కాలానికి వచ్చినదాన్ని అద్దెగా పుచ్చుకుంటే నోటీసును మీరే వదులుకున్నారని అతను వాదించవచ్చు, సెక్షన్ 113 అతనికి ఆ వీలిస్తుంది. ఖాతాలో దానంతటదే పడితే తిప్పి పంపక్కర్లేదు. ఆ రోజే మెయిల్‌లో 'ఇది అద్దె కాదు, ఇంటిని వాడుకున్నందుకు నష్టపరిహారం కింద మాత్రమే జమ చేసుకుంటున్నాం, నోటీసు అలాగే ఉంటుంది' అని రాసి ఉంచండి. ప్రతి నెలా రాయాలి.

కరెంటు తీయించడం, తాళం మార్చడం జోలికి పోకండి. బలవంతంగా వెళ్ళగొడితే ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద దావా వేసి అతను మళ్ళీ ఇంట్లోకి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు.

గడువు దాటినా కదలకపోతే సివిల్ కోర్టులో దావా. కోర్టు ఫీజు ఏడాది అద్దె మీద, అంటే 2,64,000 మీద లెక్కగడతారు. ఐదుగురినీ ప్రతివాదులుగా చేర్చడం తప్పనిసరి కాకపోయినా చేర్చమనే అంటాను. లేకపోతే డిక్రీ అమలుకి వెళ్ళిన రోజు గుమ్మంలో కొత్త అభ్యంతరం పుడుతుంది.

డబ్బు లెక్కలో చూస్తే రాజీయే మేలు. మీరు నెలకు 4,000 తక్కువకి ఇస్తున్నారు, ఏడాదికి 48,000. దావా ఏడాదిలో తేలుతుందన్న నమ్మకం లేదు, లాయర్ ఫీజు వేరు. నోటీసు ఇచ్చాక, ముప్పై రోజుల్లో ఖాళీ చేస్తే అడ్వాన్స్ 44,000 మొత్తం వెనక్కిస్తామని, చివరి నెల 22,000 వదిలేస్తామని అడిగి చూడండి. అది నష్టమనిపించవచ్చు కానీ కోర్టు దారి కంటే చౌక.

ఆ రాజీలో ఒక ఉచ్చు ఉంది. అద్దెదారు తనంతట తాను లీజు వదులుకుంటే అతను ఇచ్చిన సబ్‌లీజు దాంతోపాటు పోదని సెక్షన్ 115 చెబుతుంది. అతను తాళం చేతికిచ్చి వెళ్ళిపోతే కుర్రాళ్ళు 'ఇప్పుడు మా ఓనర్ మీరే' అని కూర్చోవచ్చు. అందుకే ఐదుగురూ సామాను తీసుకెళ్ళి, ఖాళీ చేశామని సంతకాలు పెట్టాకే 44,000 ఇవ్వండి, అడ్వాన్సులో ఒక్క రూపాయి కూడా ముందు ఇవ్వద్దు. వీలైతే ఈ రాజీని లోక్ అదాలత్‌లో నమోదు చేయించండి. ఆ అవార్డు డిక్రీతో సమానం, మాట తప్పితే నేరుగా అమలుకి వెళ్ళవచ్చు.

తర్వాత వచ్చేవారికి రాసే అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించండి. 'ఇవ్వరాదు' అన్న వాక్యం పక్కనే, 'ఇస్తే లీజు రద్దవుతుంది, యజమాని ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు' అని రాయించండి. అద్దె బాకీ పడినవాడికి కోర్టు ఇంకో అవకాశం ఇవ్వవచ్చు, షరతు తప్పినవాడికి సరిదిద్దుకునే సమయం ఇవ్వాల్సి రావచ్చు. సబ్‌లెట్ వద్దన్న షరతుకి మాత్రం సెక్షన్ 114ఎ ఆ వెసులుబాటు ఇవ్వదు.